చెరిపేసిన ఎర్ర గీత

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకునేసరికి నలభై ఏడేళ్ళు వచ్చాయి. ఒత్తుల దగ్గర ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. ఒక పేజీ నిండడానికి రెండు రోజులు పడుతుంది. తప్పులుంటే సర్దుకొని చదవండి. ఎవరిచేతనైనా రాయించవచ్చు కదా అని అడిగారు. ఈ ఒక్కటి నేనే రాయాలనుకున్నాను.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆఫీసులో ఊడ్చి, తుడిచి, చాయ్ ఇచ్చే పని చేసేదాన్ని. కింద కోచింగ్ సెంటరు, మూడో అంతస్తులో మా ఆఫీసు. పద్నాలుగు మంది ఆడపిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, కాలి కింద పెడల్ తొక్కుతూ టైపు చేసేవారు. డాక్టర్లు ఫోన్లో చెప్పిన మాటలు వినడం, విన్నది విన్నట్టు కాగితం చేయడం వాళ్ళ పని. ఎల్.బి.నగర్‌లోని ఒక పెద్ద దవాఖాన పని మొత్తం మాకే వచ్చేది. యజమాని సాంబమూర్తి గారిది తెనాలి వైపు. మంచిగానే మాట్లాడేవాడు.

ఆ పిల్లల్లో ఉదయలక్ష్మి నాతో ఎక్కువ మాట్లాడేది. వాళ్ళ నాన్న వెంకట్రావు గారు గుంటూరు నుంచి వచ్చి సైదాబాద్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఒకరోజు నేను బల్ల తుడుస్తుంటే ఆ అమ్మాయి తెర మీద ఒక ఎర్ర గీత కనబడింది.

"గిదేంది ఉదయమ్మా, ఎర్రగ గీసినవు?"

"డాక్టరు గారి మాట మధ్యలో తెగిపోయిందమ్మా. ఆయన ఫోన్ చేసి, పేషెంటు నంబరు కొట్టి, రెండు నొక్కి మాట్లాడతారు. పన్నెండు సెకన్లు గొంతు వినపడకపోతే మిషను అయిపోయిందనుకుని ఆగిపోతుంది. మళ్ళీ రెండు నొక్కితేనే ఎక్కుతుంది. ఆయన చూసుకోకుండా మాట్లాడుకుంటూ పోతే ఆ మాటలన్నీ గాల్లోకే."

"ఆగినట్టు ఆయనకు ఎర్కగాదా?"

"బీప్ అని ఒక చప్పుడొస్తుంది. వింటే తెలుస్తుంది. లైన్ కట్టయినా ఇంతే, అక్కడిదాకా చెప్పిందే ఉంటుంది. అప్పుడు మేము మూడు చుక్కలు పెట్టి, ఎర్రగా గీత గీసి, 'డిక్టేషన్ ఇక్కడితో ఆగింది, డాక్టరు గారు సరిచూడాలి' అని రాస్తాం."

"మిగిలింది నువ్వే రాయొచ్చు గద. ఇన్నేండ్ల సంది ఇంటున్నవు."

"అమ్మో. ఊహించి ఒక్క ముక్క రాసినా ఉద్యోగం పోతుంది. ఖాళీ ఉంటే ఖాళీగానే పంపాలి."

ఈ సంగతి ఇంటికి పోయి చెబితే మా ఆయన నవ్వాడు. ఆయన పేరు అంతయ్య. మాది నల్లగొండ దిక్కు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. అప్పుడు మన్సూరాబాద్‌లో ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్ళం.

"డాక్టర్లు మాట్లాడ్తే మీ పోరిలు రాస్తరు. నేను మాట్లాడ్తే నువ్వు ఇనవు. గా మిషన్ ఒకటి మనింట్ల గూడ పెట్టియ్యరాదు?"

"పన్నెండు సెకండ్లు నువ్వు సప్పుడు జెయ్యకుంటె గద, మిషన్ ఆగేది."

ఆర్టీసీ సమ్మె మొదలైన తర్వాత ఆయన రోజూ పొద్దున్నే పోయి దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. ఒకనాడు రాస్తారోకోలో పోలీసుల లాఠీ పిక్క మీద పడింది. ఎముక చిట్లిందని కట్టు కట్టారు. కట్టుతోనే మళ్ళీ పోయి శిబిరంలో కదలకుండా కూర్చున్నాడు. పది రోజులకు కాలు తొడదాకా ఉబ్బి మెరవసాగింది. ఉదయలక్ష్మికి చెబితే, "ఆలస్యం చెయ్యకండమ్మా, మనం పని చేసే హాస్పిటల్‌కే తీసుకెళ్ళండి, మా సార్ చెబితే కాస్త తగ్గిస్తారు" అంది. సాంబమూర్తి గారు ఫోన్ చేశాడు. అట్లా ఆ దవాఖానలో చేర్పించాను.

కాలి నరంలో రక్తం గడ్డ కట్టిందన్నారు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోతుందన్నారు. డాక్టరు రాఘవేంద్ర గారు ఐదు రోజులు పొట్టకు సూదులు వేయించాడు, రక్తం పలచబడే గోలీ మొదలు పెట్టించాడు. వాపు సగం తగ్గింది. ఐదో రోజు వచ్చి చూసి, "రేపు ఇంటికి పోవచ్చు. ఎట్లా ఉండాలో అన్నీ కాగితంలో రాయిస్తా" అన్నాడు. ఆ మాట నాకు బాగా గుర్తు. మంచి డాక్టరే. ఇప్పుడు కూడా చెడ్డవాడని అనలేను.

ఆ సాయంత్రం దవాఖాన ముందు రోడ్డు మీద ఆడవాళ్ళు బతుకమ్మలు పెట్టి ఆడారు. సమ్మెకు మద్దతుగా ఆ ఏడు ప్రతి చౌరస్తాలోనూ ఆడారు. డప్పులు కొట్టేవాళ్ళు కూడా వచ్చారు. నేను ఫ్లాస్కు పట్టుకొని చాయ్ కోసం కిందికి దిగాను. శిబిరంలో తెలిసిన కోటేశ్వరమ్మ నన్ను చూసి చెయ్యి పట్టి లాగింది.

"అంతయ్యన్నకు మంచిగయింది గదా, ఒక్క సుట్టు తిరుగు."

ఫ్లాస్కు గోడ పక్కన పెట్టి తిరిగాను. ఒక చుట్టు అనుకున్నది పావుగంట అయింది. ఐదు రోజుల భయం అంతా చేతుల్లోంచి పోతున్నట్టుగా చప్పట్లు కొట్టాను. పైన దవాఖాన రెండో అంతస్తులో ఎవరో కిటికీ మూశారు. అది చూసి ఆడవాళ్ళు ఇంకా గట్టిగా అందుకున్నారు. నేను కూడా.

మరునాడు పొద్దున డిశ్చార్జి. నర్సు కాగితం తెచ్చి చదివి చెప్పింది. ఏ జబ్బుతో వచ్చాడో, ఏమేం చేశారో, ఏ గోలీ ఏ పూట వేసుకోవాలో. రోజూ రాత్రి అన్నం తిన్న తర్వాత ఒక గోలీ.

"ఇంకేమన్న ఉన్నదా, బిడ్డా?" అని అడిగాను.

ఆమె కాగితం తిప్పి చూసింది. "లేదమ్మా. ఉన్నది ఇంతే. మూడు నెలలకు గోలీలు రాసిండ్రు."

"మల్ల ఎన్నడు రావాలె?"

"రాయలే. పరేషాన్ ఉంటె రా. ఇప్పుడైతె బస్సులు గూడ లేవు."

నేను కూడా కాగితం వైపు చూశాను. తెల్లగా, శుభ్రంగా ఉంది. అడుగున చాలా జాగా మిగిలి ఉంది. డాక్టరు సంతకం ఉంది. నాకు తెలిసిందల్లా ఎర్ర గీత. అది ఆ కాగితం మీద ఎక్కడా లేదు. నిండుగానే ఉందనుకున్నాను.

ఆ రోజు నుంచే మా ఆఫీసు మూతపడింది. బొగ్గు లేక కరెంటు గంటలకు గంటలు తీస్తున్నారు, ఇన్వర్టరు కాలిపోయింది, పిల్లలు వచ్చే దారి లేదు. మళ్ళీ తెరిచేటప్పుడు చెబుతానన్నాడు సాంబమూర్తి గారు. తొమ్మిది రోజులు నేను ఇంట్లోనే ఉన్నాను. పెళ్ళయిన తర్వాత ఆయనా నేనూ అన్ని రోజులు ఒకేచోట ఉండడం అదే మొదటిసారి. ఆయన గోలీ ఒక్క పూట కూడా మరిచిపోలేదు. నేనే చేతిలో పెట్టేదాన్ని.

నాలుగో రోజు పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. వేప పుల్ల గుచ్చుకుందన్నాడు. ఆరో రోజు మోచేతి మీద నల్లగా కమిలింది. తలుపు తగిలిందేమో అనుకున్నాం. కాలి నొప్పి ఇంకా ఉండేది. వీధి చివర మందుల దుకాణంలో నొప్పి గోలీలు తెచ్చుకొని పూటకొకటి వేసుకునేవాడు.

"డాక్టరిచ్చిన గోలీ ఉండంగ మల్ల అదెందుకు?" అన్నాను.

"అది రక్తానికి, ఇది నొప్పికి. నువ్వు డాక్టర్ల ఆఫీసుల ఊడ్వంగనే డాక్టరమ్మవైనవా?"

నవ్వుకున్నాం. ఎనిమిదో రోజు తల నొస్తోందన్నాడు. ఎండ అనుకున్నాను.

పదో రోజు పొద్దున ఆఫీసు తెరిచారని కబురు వచ్చింది. నడిచే పోయాను. ఐదారుగురు పిల్లలే వచ్చారు. ఉదయలక్ష్మి స్కూటీ మీద వచ్చింది. హెడ్‌ఫోన్లు తగిలించుకోబోతూ నన్ను చూసి ఆగింది.

"అమ్మా, అంతయ్య గారికి ఎలా ఉంది? ఆయన రిపోర్టు మళ్ళీ నా దగ్గరకి రాలేదే. డాక్టరు గారు మిగతాది చెప్పి ఉంటారుగా?"

"మిగిలిందేంది బిడ్డా?"

"తెగిపోయిన ముక్క. నేను గీత పెట్టి పంపానుగా. డాక్టరు గారు చెబితే పూర్తి చేసి కొత్త కాగితం ఇస్తారు కదా. ఇచ్చారా లేదా?"

"గీతనే లేకుండె. కాగితం సాఫ్‌గ ఉన్నది."

ఆ అమ్మాయి ముఖం అప్పుడు ఎట్లా మారిందో నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. కుర్చీ లాక్కొని పాత ఫైలు తీసింది. హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టింది. ఇన్నేళ్ళు ఆ బల్లలు తుడిచాను గాని, ఒక్కసారి కూడా విన్నది లేదు.

డాక్టరు గొంతు. ఇంగ్లీషు. మధ్యలో అంతయ్య అన్న పేరు. గోలీ పేరు చెప్పాడు, రోజుకొకటి అన్నాడు. దూరంగా డప్పులు. అవి దగ్గరవుతున్నాయి. ఆయన మాట ఆపాడు. ఏదో ఒత్తుకున్నట్టు గరగర, ఆ తర్వాత డప్పులూ లేవు, ఏమీ లేదు. నీళ్ళలో మునిగినట్టు. అంతే, అయిపోయింది.

"చెయ్యి అడ్డం పెట్టారు," అంది ఉదయలక్ష్మి. "బయట గోల రికార్డు కాకూడదని ఫోన్‌కి అరచెయ్యి మూశారు. గోలయినా వినిపిస్తూ ఉంటే మిషను ఆగేది కాదేమో. ఏమీ వినపడక పన్నెండు సెకన్లకి ఆగిపోయింది. ఫోను చెవి దగ్గర లేదు, బీప్ వినలేదు. గోల తగ్గాక మిగతాది చెప్పి ఉంటారు. ఆయన అయిపోయిందని ఎప్పుడూ చెప్పరు, ఫోను ఠక్కున పెట్టేస్తారు. ఆ ఠక్కు ఇందులో లేదు. అందుకే నాకు తెలిసింది."

"ఇది ఎన్ని గంటలకు?"

"నాలుగో తారీఖు. సాయంత్రం ఐదుంబావు."

డప్పులు నాకు గుర్తున్నాయి. కిటికీ మూసింది గుర్తుంది. నేను ఏమీ అనలేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ అనలేదు. ఇప్పుడే రాస్తున్నాను.

ఉదయలక్ష్మి దవాఖాన రికార్డు రూముకు ఫోన్ చేసింది. అక్కడ ఉండే పట్టాభి అనే గుమస్తా మాటలు నాకు కూడా వినబడేట్టు స్పీకరు పెట్టింది.

"ఆ చుక్కలూ గీతలూ ప్రింటు తీసే ముందు తీసేస్తామండీ. పేషెంట్లు చూస్తే ఏదో దాచారని గొడవకి వస్తున్నారు. వాక్యం మధ్యలో తెగితే డాక్టరు దగ్గరకి పంపుతాం. ఇది ఫుల్‌స్టాప్ దగ్గరే ఆగిందిగా, బానే ఉందనుకున్నాను."

"అడుగున ఏమి రాశానో చదవలేదా మీరు?"

"రోజుకి అరవై కాగితాలండీ. సగానికి మీరు గీతలు పెడతారు. సమ్మెలో ఇక్కడ నేనొక్కణ్ణే."

ఫోన్ డాక్టరు గారికి ఇవ్వమంది ఉదయలక్ష్మి. పావుగంట సేపు ఫోన్ చేతులు మారాక ఆయన దొరికాడు. ఆయన గొంతులో తడబాటు లేదు.

"చెప్పానుగా. మూడో రోజుకి రక్త పరీక్ష, ఎంత పలచబడిందో చూసి గోలీ తగ్గించాలి. ఆ తర్వాత వారం వారం. నొప్పి గోలీలు ముట్టకూడదు. ఎక్కడ రక్తం కనపడినా, తలనొప్పి వచ్చినా వెంటనే రావాలి. ఇవన్నీ డిక్టేట్ చేశాను. పరీక్షకి రాలేదంటే బంద్ వల్ల బయట చేయించుకుని ఉంటారనుకున్నాను."

ఒక్కొక్క మాటకూ నాకు చిగుళ్ళు, మోచెయ్యి, తల కనబడ్డాయి. డాక్టరు, "ఇప్పుడే తీసుకురండి," అన్నాడు. ఉదయలక్ష్మి తన ఫోన్‌తో మా ఆయనకు కలిపి నాకు ఇచ్చింది.

"ఏందే?"

"నొప్పి గోలీ ఎయ్యకు. ఇంక ఏదీ ఎయ్యకు. నేనొస్తున్న."

"ఇప్పుడే ఏసుకున్న. తల పలుగుతున్నది సుమిత్రా. నువ్వు… నువ్వు ఎన్నింటికి ఒస్తవు?"

ఆయన మాట నాలుక మందమైనట్టు వచ్చింది. స్కూటీ మీద బయలుదేరాం. ఎల్.బి.నగర్ చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి. జెండాలు పట్టుకున్నవాళ్ళు బండి ఆపారు. ఒకడు ఉదయలక్ష్మి మాట విని, "ఆంధ్రోళ్ళకు బంద్ వర్తించదా?" అన్నాడు. నేను దిగి, "నా పెనిమిటి డిపో మెకానిక్ అంతయ్య, లాఠీ తిన్నోడు, సస్తున్నడు" అన్నాను. వాళ్ళలో ఇద్దరికి ఆయన తెలుసు. వాళ్ళే దారి ఇచ్చారు, ఒకడు ఎక్కడి నుంచో జీపు కూడా తెచ్చాడు.

తలుపు తీసే ఉంది. ఆయన నేల మీద పక్కకు వాలి ఉన్నాడు. నన్ను చూశాడు. కుడి చెయ్యి లేపబోయాడు, లేవలేదు. ఏదో చెప్పబోయాడు. సగంలో ఆగిపోయింది. ఆ మాట ఏమిటో నాకు తెలియదు.

జీపులో అదే దవాఖానకు తీసుకుపోయాం. అత్యవసర వార్డులో పాత డిశ్చార్జి కాగితం అడిగి తీసుకున్నారు. ఫైల్లో పెట్టాలన్నారు. తలలో రక్తం పారిందన్నారు. రక్తం గడ్డ కట్టడానికి ఏవో ఎక్కించారు. రెండో రోజు మధ్యాహ్నం ప్రాణం పోయింది.

శవాన్ని ఇచ్చే ముందు ఆ గుమస్తా పట్టాభి వచ్చాడు. సన్నగా, నెరిసిన జుట్టుతో ఉన్నాడు. నా ముఖం చూడలేకపోయాడు. మూడు కాగితాలు అట్ట మీద పెట్టాడు.

"ఇది బాడీ తీసుకున్నట్టు. ఇది సామాన్లు తీసుకున్నట్టు. ఇది మొదటి డిశ్చార్జి కాగితం, మీది ఫైల్లో పెట్టేశాం కదమ్మా, బదులుగా ఈ కాపీ. ఆర్టీసీలో అడుగుతారు, మీకు పనికొస్తుంది. ముట్టినట్టు ఇక్కడ వేలిముద్ర వెయ్యండి."

మూడింటి మీదా బొటనవేలు వేశాను. ఇంకు తుడుచుకోమని ఆయనే దూది ఇచ్చాడు.

దినాలు అయ్యాక ఆ కాపీ తీసుకొని ఉదయలక్ష్మి దగ్గరకు పోయాను. ఆ అమ్మాయి చదివింది, మళ్ళీ చదివింది. మొదట ఇచ్చిన తారీఖే ఉంది. కాని అడుగున ఖాళీ లేదు. రక్త పరీక్ష, నొప్పి గోలీల మాట, తలనొప్పి మాట, అన్నీ ఉన్నాయి.

"ఇది నేను టైపు చెయ్యలేదమ్మా," అంది.

సాంబమూర్తి గారి గదిలోకి పోయి ఆ గొంతు ఫైలు కావాలని అడిగింది. ముప్పై రోజులు ఉంచాలని రూలు. ఇరవై రెండు రోజులే అయ్యాయి.

"తీసేశామమ్మా. హాస్పిటల్ వాళ్ళు అడిగారు. ఆ ఒక్క కాంట్రాక్టు మీద పద్నాలుగు మంది ఉన్నారు. నువ్వూ ఉన్నావు, సుమిత్రమ్మా ఉంది. నన్ను ఏం చెయ్యమంటావ్?"

ఉదయలక్ష్మి నాతో పాటు వకీలు జోగారావు దగ్గరకు వచ్చింది. తను టైపు చేసింది, తను విన్నది అన్నీ చెప్పింది. ఎక్కడైనా చెబుతానంది. వాళ్ళ నాన్న ఈ రోజుల్లో మనకెందుకని వారించినా వచ్చింది. వకీలు ఓపికగా విన్నాడు. కాగితం నా ముందుకు జరిపి, "ఈ వేలిముద్ర మీదేనా?" అని మాత్రం అడిగాడు. నాదే అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

ఆ నెలే ఉదయలక్ష్మి ఆ పని మానేసింది. నేను మానలేదు, మానితే గడవదు. కాని ప్రతి ఆదివారం సైదాబాద్‌లో వాళ్ళింటికి పోయేదాన్ని. పలక కొనిచ్చింది ఆ అమ్మాయే. తెలుగు ఒక ఏడాదిలో వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు కూడగట్టుకోవడానికి ఇంకో మూడేళ్ళు పట్టాయి. నేర్చుకున్నది ఆ ఒక్క కాగితం కోసమే. ఎవరి సాయం లేకుండా దాన్ని పైనుంచి కిందిదాకా చదివాను. గోలీ పేరు చదివాను. ఆ తర్వాత వరుసలు చదివాను. చిట్టచివరి వరుస ఉదయలక్ష్మి నాకు ఎన్నడూ చదివి వినిపించలేదు. ఎందుకు వినిపించలేదో చదివాక అర్థమైంది.

'పై సూచనలన్నీ రోగి భార్యకు ఆమెకు అర్థమయ్యే భాషలో వివరించి చెప్పడమైనది' అని ఇంగ్లీషులో ఉంది. దాని పక్కనే నా బొటనవేలు.

సుమిత్రమ్మ, అరవై ఏళ్ళు, అల్మాస్‌గూడ.